మల్టీ అసెట్ ఫండ్లు, ఫండ్ ఆఫ్ ఫండ్స్: పలు పెట్టుబడుల స్థానంలో ఒకే పథకం

షేర్లు, రుణపత్రాలు, బంగారం వంటి వేర్వేరు తరహా ఆస్తులను ఒకే పథకంలో ఉంచి, వాటి పాళ్లను తానే సరిచూసుకుంటూ పోయే మ్యూచువల్ ఫండును మల్టీ అసెట్ ఫండ్ అంటారు. తాను నేరుగా షేర్లో బాండ్లో కొనకుండా ఇతర ఫండ్ల యూనిట్లనే కొని దాచే పథకం ఫండ్ ఆఫ్ ఫండ్స్. మొదటిది లోపలి సరుకును బట్టి వచ్చిన పేరు, రెండోది కట్టుబడిని బట్టి వచ్చిన పేరు. అందుకే ఒకే పథకం రెండూ కావచ్చు. క్వాంటమ్ సంస్థ 2012లో తెచ్చిన మల్టీ అసెట్ ఫండ్ ఆఫ్ ఫండ్స్ అలాంటిదే. అది తమ సంస్థకే చెందిన షేర్ల ఫండ్లు, రుణ ఫండ్లు, బంగారం ఫండులో డబ్బు పెడుతుంది. విడివిడిగా నాలుగైదు చోట్ల పెట్టే డబ్బును ఒక్కచోట పెట్టి అదే ఫలితం పొందవచ్చన్నది ఈ రెండు తరహాల పథకాలూ ఇచ్చే మాట. ఆ మాట ఎంతవరకు నిలబడుతుంది, ఎక్కడ నిలబడదు అన్నదే ఈ వ్యాస విషయం.

కాకినాడలో ఒక ఇంటి ఆస్తులు

మ్యూచువల్ ఫండ్ పరిశ్రమ లెక్కల్లో కాకినాడ బీ-30 ఊళ్ల జాబితాలో ఉంటుంది. దేశంలో ఫండ్ల డబ్బు ఎక్కువగా వచ్చే మొదటి ముప్పై నగరాల తర్వాతి ఊళ్లన్నిటికీ కలిపి పెట్టిన పేరది. ఇక్కడి మధ్యతరగతి ఇంటి పొదుపు ఇంకా ఎక్కువగా పాత దారుల్లోనే ఉంది. బీరువాలోనో బ్యాంకు లాకరులోనో కాసుల లెక్కన బంగారం, బ్యాంకులో రెండు మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్లు, నెలనెలా కట్టే చీటీ, ఊరి అంచున ఒక స్థలం ఉంటాయి. ఈ మధ్యకాలంలో వీటికి సిప్ పద్ధతిలో కట్టే ఒకటి రెండు ఫండ్లు తోడయ్యాయి. కొన్ని ఇళ్లలో షేర్లు కూడా ఉంటాయి. ఎరువుల కర్మాగారాలున్న ఊరు కాబట్టి ఆ కంపెనీల షేర్ల గురించిన ఎరుక ఇక్కడ కొత్తేమీ కాదు.

ఈ జాబితాలో నిజానికి షేర్లు, వడ్డీనిచ్చే రుణాలు, బంగారం, భూమి అన్నీ ఉన్నాయి. అంటే ఇల్లు ఇప్పటికే ఒక మల్టీ అసెట్ పెట్టుబడిని నడుపుతోంది. లోపమల్లా వాటిని ఎవరూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూడకపోవడంలో ఉంది. బంగారం పెళ్లి కోసమనీ, డిపాజిట్ ఆసుపత్రి ఖర్చు కోసమనీ, స్థలం పిల్లల కోసమనీ ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టడంతో, మొత్తంలో బంగారం వాటా ఎంత, షేర్ల వాటా ఎంత అన్న ప్రశ్నే రాదు.

ఈ ఊళ్లో వేలమంది తమకు తెలియకుండానే ఒక మిశ్రమ పథకంలో కూడా ఉన్నారు. 2004 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ ఉద్యోగంలో చేరిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులు, ఉపాధ్యాయులు సీపీఎస్ కిందికి వస్తారు. వారి మూలవేతనం, కరువు భత్యంలో 10 శాతం జీతం నుంచి కట్ అయి, ప్రభుత్వ వాటాతో కలిసి ఎన్‌పీఎస్‌కు చేరుతుంది. అక్కడ ఎస్‌బీఐ, యూటీఐ, ఎల్‌ఐసీలకు చెందిన మూడు పెన్షన్ ఫండ్ సంస్థలు ఆ డబ్బును ప్రభుత్వ బాండ్లు, కంపెనీ బాండ్లు, షేర్ల మధ్య పంచుతాయి. ప్రభుత్వ ఉద్యోగులకు మామూలుగా వర్తించే ఆ పథకంలో షేర్ల వాటాకు చాలాకాలం 15 శాతమే గరిష్ఠ పరిమితి. సీపీఎస్ మీద ఉద్యోగుల అభ్యంతరాలు వేరే చర్చ. ఇక్కడ గమనించాల్సింది దాని లోపలి అమరిక: ఒకే ఖాతా, ముగ్గురు మేనేజర్లు, మూడు తరహాల ఆస్తులు. సీపీఎస్‌లో ఉన్న టీచరు మరో మల్టీ అసెట్ ఫండ్ కొనేముందు ఈ ఖాతాను కూడా లెక్కలో వేసుకోవాలి. ఎందుకంటే ఆ ఇంటి పొదుపులో బాండ్ల పాలు అప్పటికే బరువుగా ఉంటుంది.

నిబంధన చెప్పేది, చెప్పనిది

సెబీ 2017 అక్టోబరులో మ్యూచువల్ ఫండ్ పథకాలన్నిటినీ తరగతులుగా విడగొట్టింది. ఆ వర్గీకరణ ప్రకారం మల్టీ అసెట్ అలొకేషన్ ఫండ్ కనీసం మూడు తరహాల ఆస్తుల్లో, ఒక్కోదానిలో కనీసం 10 శాతం చొప్పున పెట్టాలి. ఫండ్ ఆఫ్ ఫండ్స్ తన డబ్బులో కనీసం 95 శాతం ఇతర ఫండ్ల యూనిట్లలో ఉంచాలి.

మొదటి నిబంధనను నిదానంగా చదవాలి. మూడింటిలో పదేసి శాతం అంటే ముప్పై శాతం మాత్రమే నిర్ణయమైంది. మిగిలిన డెబ్బై ఎక్కడ పెట్టాలో నిబంధన చెప్పదు. కాబట్టి ఎనభై శాతం షేర్లు, పదేసి శాతం బాండ్లు, బంగారం ఉన్న పథకమూ మల్టీ అసెట్ ఫండే. నలభై శాతం షేర్లు, నలభై శాతం బాండ్లు, ఇరవై శాతం బంగారం ఉన్నదీ మల్టీ అసెట్ ఫండే. మార్కెట్ పడినప్పుడు మొదటిది దాదాపు షేర్ల ఫండులా పడుతుంది, రెండోది అందులో సగం పడవచ్చు. ఈ తరగతిలోని ఫండ్లను ఏడాది రాబడిని బట్టి వరసపెట్టి చూపే పట్టికలు అందుకే తప్పుదారి పట్టిస్తాయి. పైవరసలో ఉన్నది బాగా నడిపిన ఫండ్ కావచ్చు, లేదా ఆ ఏడాది పెరిగిన ఆస్తి అందులో ఎక్కువగా ఉండి ఉండవచ్చు.

లోపల జరిగే పని: ఒక లెక్క

ఒకే ఫండ్ పలు పెట్టుబడుల స్థానంలో నిలబడగలిగేది ముఖ్యంగా ఒక పని వల్ల. పెరిగిన ఆస్తిలో కొంత అమ్మి తగ్గిన ఆస్తిని కొని, మొదట అనుకున్న పాళ్లకు తిరిగి తెచ్చే ఆ పనిని రీబ్యాలెన్సింగ్ అంటారు. 2008, 2009 సంవత్సరాలను తీసుకుని లెక్క వేస్తే దీని స్వభావం తెలుస్తుంది.

2008 మొదట్లో ఒకరి దగ్గర పది లక్షల రూపాయలు ఉన్నాయనుకుందాం. అయిదు లక్షలు నిఫ్టీ షేర్లలో, మూడు లక్షలు వడ్డీ వచ్చే వాటిలో, రెండు లక్షలు బంగారంలో పెట్టారు. ఆ ఏడాది నిఫ్టీ 6,138 దగ్గర మొదలై 2,959 దగ్గర ముగిసింది, అంటే సగానికి పైగా పోయింది. రూపాయల్లో బంగారం సుమారు పాతిక శాతం పెరిగింది. లెక్క సులువుగా ఉండేందుకు బంగారానికి రెండేళ్లూ 25 శాతం పెరుగుదల, వడ్డీకి 8 శాతం వేసుకుని, డివిడెండ్లు, ఖర్చులు వదిలేద్దాం. ఏడాది చివరికి షేర్ల విలువ 2 లక్షల 41 వేలు, రుణాలు 3 లక్షల 24 వేలు, బంగారం 2 లక్షల 50 వేలు. మొత్తం 8 లక్షల 15 వేలు. సగం ఉండాల్సిన షేర్ల వాటా ముప్పై శాతం లోపుకు పడిపోయింది.

పాళ్లను తిరిగి సగం, ముప్పై, ఇరవై శాతానికి తేవాలంటే బంగారంలో 87 వేలు, రుణాల్లో దాదాపు 80 వేలు తీసి, లక్షా 66 వేల చిల్లర విలువైన షేర్లు కొనాలి. అది 2008 డిసెంబరు. లేమన్ బ్రదర్స్ కూలి మూడు నెలలైంది. పేపర్ల నిండా మార్కెట్ నష్టాలే. అప్పటి ధరకు 87 వేలంటే దాదాపు ఎనిమిది కాసుల బంగారం. పెరుగుతున్న బంగారాన్ని ఎనిమిది కాసులు అమ్మి, కూలిపోయిన షేర్లు కొందామని ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాట చెల్లదు. నగ అమ్మితే మజూరీ, తరుగు పోతాయి. డిపాజిట్ గడువుకు ముందు తీస్తే వడ్డీలో కోత పడుతుంది. చీటీ అయితే మధ్యలో తీయడానికి పాట పాడుకోవాలి, ఆ నెల పాట మనకు రావాలి. ప్రతి ఆస్తికీ కదలకుండా ఉండేందుకు ఏదో ఒక కారణం ఉంటుంది.

2009లో నిఫ్టీ 5,201కి చేరింది, అంటే దాదాపు 76 శాతం పెరిగింది. పాళ్లు సరిచేసిన ఖాతా ఆ ఏడాది చివరికి 11 లక్షల 84 వేలైంది. కదపకుండా ఉంచిన ఖాతా 10 లక్షల 86 వేల దగ్గర ఆగింది. తేడా 98 వేలు. రెండు ఖాతాల్లోనూ ఉన్నవి అవే ఆస్తులు. ఏడాది చివర ఒక్కరోజు చేసిన అమ్మకం, కొనుగోలు వల్లే ఆ తేడా వచ్చింది.

ఈ లెక్క ఎప్పుడూ ఇలాగే తేలుతుందనుకోకూడదు. ఒక ఆస్తి ఏళ్ల తరబడి ఒకే దిక్కుకు పోతుంటే రీబ్యాలెన్సింగ్ రాబడిని తగ్గిస్తుంది. 2024, 2025లలో బంగారం వరసగా ఎగబాకినప్పుడు, పాళ్ల ప్రకారం బంగారం అమ్ముతూ వచ్చిన ఫండ్లు బీరువాలో నగను కదపకుండా ఉంచిన ఇంటికంటే బంగారం మీద తక్కువే సంపాదించాయి. అన్ని ఆస్తులూ ఒకేసారి పడే ఏళ్లూ ఉంటాయి. 2022లో అమెరికాలో షేర్లు, బాండ్లు రెండూ పడ్డాయి, ఒకదానికి ఒకటి అడ్డుపడలేదు. రీబ్యాలెన్సింగ్ ఖాయంగా చేసే మేలు ఒక్కటే: ఏ ఒక్క ఆస్తీ మనం అనుకున్న హద్దు దాటి పెరిగి, ఇంటి మొత్తం పొదుపును తన మీదే నిలబెట్టుకోకుండా చూడడం.

ఫండ్ లోపల ఈ పని జరిగినప్పుడు మదుపరికి పన్ను పడదు. గుర్తింపు ఉన్న మ్యూచువల్ ఫండ్ ఆదాయానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. అందువల్ల ఫండ్ ఎన్నిసార్లు అమ్మి కొన్నా, మదుపరి తన యూనిట్లు అమ్మే రోజు వరకు పన్ను లెక్క మొదలుకాదు. అదే పని విడి ఖాతాల్లో చేస్తే ప్రతి అమ్మకమూ పన్నుకు లోబడిన లావాదేవీ అవుతుంది. పలు పెట్టుబడుల స్థానంలో ఒకటి పెట్టుకోవడానికి ఉన్న కారణాల్లో నా దృష్టిలో అన్నిటికంటే గట్టిది ఇదే.

అరవై అయిదు శాతం గీత

పన్ను వల్లే ఇందులో ఒక చిక్కు కూడా వచ్చింది. ఏడాది సగటున 65 శాతానికి తగ్గకుండా దేశీయ కంపెనీల షేర్లలో ఉంచే ఫండుకు షేర్ల ఫండు పన్నే వర్తిస్తుంది. 2024 జూలై 23 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం, ఏడాదికి మించి ఉంచి అమ్మితే ఒక ఆర్థిక సంవత్సరంలో లక్షా 25 వేల లాభం వరకు పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. షేర్లు అంతకంటే తక్కువ ఉండి, రుణపత్రాలు 65 శాతం మించని ఫండుకు రెండేళ్లు దాటాకే 12.5 శాతం రేటు వర్తిస్తుంది, లక్షా 25 వేల మినహాయింపు ఉండదు. 65 శాతానికి మించి రుణపత్రాలే ఉన్న ఫండును 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్నవారికి ఎన్నేళ్లు ఉంచినా లాభం మామూలు ఆదాయంలో కలిసి స్లాబు ప్రకారం పన్ను పడుతుంది.

కాబట్టి కొన్ని మల్టీ అసెట్ ఫండ్లు 65 శాతం గీత దాటి ఉండడానికి చూస్తాయి. కానీ నిజంగా అంత షేర్ల నష్టభయం వద్దనుకున్నప్పుడు ఒక ఉపాయం వాడతాయి. నూరు రూపాయల్లో 65 రూపాయల షేర్లు కొని, వాటిలో 20 రూపాయల షేర్లను అదే సమయంలో ఫ్యూచర్స్‌లో అమ్ముతాయి. ఆ 20 రూపాయల షేరు పడినా పెరిగినా ఫ్యూచర్స్‌లో దానికి ఎదురు లెక్క వస్తుంది. మిగిలేది వడ్డీ లాంటి చిన్న రాబడి మాత్రమే. దీన్ని ఆర్బిట్రేజ్ అంటారు. పన్ను లెక్కకు ఆ ఫండులో షేర్లు 65 శాతం, నష్టభయం లెక్కకు 45 శాతమే. ఇది నిబంధనల లోపల జరిగే పనే, మదుపరికి మేలు చేసే పనే. అయితే ఫండు పేరును, మొత్తం షేర్ల వాటాను చూసి ఇందులో మూడింట రెండు వంతులు షేర్లే అనుకున్నవారు తప్పు లెక్కతో ఉంటారు. ప్రతి నెలా సంస్థ విడుదల చేసే ఫ్యాక్ట్‌షీట్‌లో నికర ఈక్విటీ అని వేరే అంకె ఉంటుంది. ఫండు ఎలా నడుచుకుంటుందో చెప్పేది ఆ అంకె.

ఫండ్ ఆఫ్ ఫండ్స్ దారి

ప్రపంచంలో ఈ పద్ధతికి తొలి పేరు తెచ్చింది, చెడ్డపేరు తెచ్చింది కూడా ఒకరే. బెర్నార్డ్ కార్న్‌ఫెల్డ్ నడిపిన ఐఓఎస్ సంస్థ 1962లో ‘ఫండ్ ఆఫ్ ఫండ్స్’ అన్న పేరుతోనే పథకం తెచ్చి, యూరప్ అంతటా ఏజెంట్ల ద్వారా అమ్మింది. లోపలి ఫండ్లు కూడా ఆ సంస్థ చేతిలోనివే కావడంతో మదుపరి మీద రుసుము మీద రుసుము పడింది. 1970లో సంస్థ కుప్పకూలింది. అదే ఏడాది అమెరికా తన పెట్టుబడి సంస్థల చట్టాన్ని సవరించి ఒక ఫండు మరో ఫండును కొనడం మీద పట్టు బిగించింది. ఈ తరహా పథకం గురించి ఎవరైనా మొదట అడిగేది ఖర్చు గురించే కావడానికి మూలం అక్కడ ఉంది.

భారతదేశంలో సెబీ 2003లో వీటికి అనుమతి ఇచ్చింది. ఆ ఏడాదే ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ సంస్థ ఈ తరహా పథకాలు తెచ్చింది. ఒకటి మార్కెట్ ధరల స్థాయిని బట్టి షేర్ల వాటాను పెంచి తగ్గించేది, మరొకటి ఇరవైల్లో, ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవారికి వేర్వేరు పాళ్లతో తయారైనది. ఆ తర్వాత సామాన్యుల్లోకి ఎక్కువగా వెళ్లినది బంగారం ఫండ్ ఆఫ్ ఫండ్స్. 2007లో మొదలైన గోల్డ్ ఈటీఎఫ్ కొనాలంటే డీమ్యాట్ ఖాతా కావాలి. 2011లో వచ్చిన గోల్డ్ సేవింగ్స్ తరహా పథకాలు తామే ఈటీఎఫ్ కొని, మదుపరికి మామూలు ఫండు యూనిట్లు ఇచ్చాయి. డీమ్యాట్ లేని ఇంటికి నెలకు కొన్ని వందల రూపాయలతో మజూరీ, తరుగు లేని బంగారం అందింది.

ఇక్కడ ఖర్చు రెండంతస్తులు. ఫండ్ ఆఫ్ ఫండ్స్ తన రుసుము తీసుకుంటుంది, అది కొన్న ఫండ్లు తమ రుసుము తీసుకుంటాయి. రెండూ కలిపి ఎంత దాటకూడదో సెబీ పరిమితి పెట్టింది కాబట్టి ఐఓఎస్ తరహా దోపిడీ ఇప్పుడు సాధ్యం కాదు. అయినా చదివేటప్పుడు జాగ్రత్త కావాలి. ఒక పథకం తన ఖర్చు 0.3 శాతమని చూపితే, లోపలి ఫండ్ల సగటు ఖర్చు 0.7 శాతమైతే, మదుపరి నిజంగా భరించేది ఒక శాతం. పది లక్షల మీద ఏడాదికి పది వేల రూపాయలు. రాబడి ఉన్నా లేకపోయినా అది రోజువారీగా ఎన్‌ఏవీలోంచి పోతుంది. 2013 జనవరి నుంచి ప్రతి పథకానికీ డైరెక్ట్ ప్లాన్ ఉంది, అందులో పంపిణీదారు కమిషన్ ఉండదు. సలహా అక్కర్లేనివారికి అది మేలు. ఫారం నింపడం నుంచి నామినీ మార్పు దాకా తోడుండి చేసిపెట్టే మనిషి కావాలనుకునేవారు రెగ్యులర్ ప్లాన్‌కు ఇచ్చే అదనపు ఖర్చును ఆ సేవకు ధరగా చూసుకోవచ్చు.

పన్ను దగ్గర ఫండ్ ఆఫ్ ఫండ్స్ వెనకబడి ఉంటుంది. లోపల ఉన్నవి షేర్ల ఫండ్లే అయినా అది మామూలుగా షేర్ల ఫండు కింద లెక్కకు రాదు. స్టాక్ ఎక్స్చేంజీలో అమ్ముడయ్యే ఫండులో 90 శాతం పెట్టి, ఆ ఫండు కూడా 90 శాతం దేశీయ షేర్లలో పెడితేనే ఆ హోదా వస్తుంది. మిశ్రమ పాళ్లున్న పథకం ఆ షరతు తీర్చలేదు. అందువల్ల రెండేళ్ల గడువు, మినహాయింపు లేని 12.5 శాతం దీనికి వర్తిస్తాయి. రుణ ఫండ్లే 65 శాతం ఉంటే స్లాబు పన్ను పడుతుంది.

విదేశీ మార్కెట్లలో పెట్టే ఫండ్ ఆఫ్ ఫండ్స్‌కు ఇంకో పరిమితి ఉంది. భారత ఫండ్లన్నీ కలిపి విదేశాల్లో పెట్టగలిగేది 700 కోట్ల డాలర్లు. 2022 మొదట్లో ఆ హద్దు దగ్గరపడటంతో చాలా పథకాలు కొత్త డబ్బు తీసుకోవడం ఆపేశాయి. పిల్లల అమెరికా చదువు కోసం డాలరుకు ముడిపడిన పొదుపు చేద్దామనుకునే కుటుంబాలు ఈ తలుపు ఎప్పుడైనా మూసుకోవచ్చని ముందే తెలుసుకోవాలి.

లోపలి సరుకు కనిపించనప్పుడు

ఒకే పథకం అన్నిటికీ సరిపోతుందన్న నమ్మకాన్ని తెలుగు ఇళ్లు ఇంతకుముందే ఒకసారి అనుభవించాయి. యూనిట్ ట్రస్ట్ 1964 జూలైలో మొదలుపెట్టిన యూఎస్-64లో షేర్లూ బాండ్లూ కలిసే ఉండేవి. పెన్షనర్లు దాన్ని బ్యాంకు డిపాజిట్‌తో సమానంగా చూశారు. కానీ దాని అమ్మకం ధర, తిరిగి కొనే ధర లోపలి ఆస్తుల నిజమైన విలువతో ముడిపడి లేవు. యూనిట్ ట్రస్టే ఆ ధరలు ప్రకటించేది. కాలక్రమంలో లోపల షేర్ల పాలు పెరిగింది, పైకి కనిపించే ధర మాత్రం స్థిరంగా సాగింది. 1998లో ఆ తేడా బయటపడింది. 2001 జూలైలో యూనిట్ల అమ్మకం, తిరిగి కొనడం ఆరు నెలలు ఆపేశారు. చివరకు ప్రభుత్వం పూనుకుని, యూనిట్లకు బదులు 6.75 శాతం వడ్డీ బాండ్లు ఇచ్చి ముగించింది. ఇప్పటి ఫండ్లు రోజూ ఎన్‌ఏవీ, నెలనెలా ఆస్తుల జాబితా ప్రకటించాల్సిందే కాబట్టి అదే తీరు పునరావృతం కాదు. అయితే పాళ్లు మారే అవకాశం ఇప్పటికీ ఉంది. మేనేజరుకు పథక పత్రం ఇచ్చిన వెడల్పు ఎంతో, ఈ ఏడాది అతను ఏ కొసన ఉన్నాడో చూడాల్సింది మదుపరే.

రెండో ప్రమాదం రుణాల భాగంలో ఉంటుంది. మల్టీ అసెట్ ఫండులో అందరి కళ్లూ షేర్ల మీదా బంగారం మీదా ఉంటాయి, బాండ్లను ఎవరూ చూడరు. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ తన ఆరు రుణ పథకాలను ఒకేసారి మూసేసింది. వాటిలో ఉన్న దాదాపు 25 వేల కోట్ల రూపాయలు స్తంభించాయి. సుప్రీంకోర్టు ఆదేశంతో ఎస్‌బీఐ ఫండ్స్ సంస్థ ఆస్తులు అమ్మి, విడతలుగా డబ్బు తిరిగి ఇచ్చింది. తక్కువ రేటింగ్ ఉన్న, మార్కెట్లో తేలిగ్గా అమ్ముడుకాని బాండ్లు ఆ కష్టానికి మూలం. ఒకే సంస్థ ఫండ్లనే కొనే ఫండ్ ఆఫ్ ఫండ్స్‌లో ఆ సంస్థ ఇబ్బంది నేరుగా లోపలికి వస్తుంది. కాబట్టి ఆస్తుల జాబితా తెరిచినప్పుడు బాండ్ల పక్కన రేటింగ్ గడి చూడాలి. ప్రభుత్వ బాండ్లు, ఏఏఏ రేటింగ్ ఉన్నవే ఎక్కువగా ఉంటే నిశ్చింత. అంతకు తక్కువ రేటింగ్‌వి ఎక్కువైతే, వచ్చే అదనపు వడ్డీకి బదులు అవసరమైన రోజున డబ్బు చేతికి రాని ప్రమాదాన్ని ఫండు తలకెత్తుకుందని అర్థం.

మార్చుకునేటప్పుడు

అయిదారు ఫోలియోలు ఉన్న వ్యక్తి వాటిని ఒక ఫండుకు మార్చుకోవాలంటే మధ్యలో అమ్మకం తప్పదు. స్విచ్ అన్నా రిడెంప్షన్ అన్నా పన్నుకు రెండూ ఒకటే. షేర్ల ఫండ్లలో రెండు లక్షల దీర్ఘకాల లాభం ఉందనుకుందాం. ఒకేసారి అమ్మితే లక్షా 25 వేలు పోగా మిగిలిన 75 వేల మీద 12.5 శాతం, సెస్సుతో కలిపి 9,750 రూపాయలు కట్టాలి. మార్చిలో సగం, ఏప్రిల్‌లో సగం అమ్మితే లాభం రెండు ఆర్థిక సంవత్సరాలకు పంచుకుంటుంది. ఇతర లాభాలు లేకపోతే పన్నే ఉండదు. కొని ఏడాది కాని యూనిట్లకు చాలా పథకాల్లో ఒక శాతం ఎగ్జిట్ లోడ్ కూడా పడుతుంది, వాటిని చివరికి వదలాలి. ఇంట్లో ఉన్న నగల్ని, స్థలాన్ని ఈ లెక్క కోసం అమ్మాల్సిన పని లేదు. వాటి విలువ కాగితం మీద రాసి, బంగారం అప్పటికే చాలినంత ఉంటే బంగారం పాలు తక్కువగా ఉన్న ఫండు ఎంచుకుంటే సరిపోతుంది.

ఒకే ఫండు వల్ల కాగితాల పని నిజంగా తగ్గుతుంది. ఒక ఫోలియో, ఒక నామినేషన్, ఒక పన్ను లెక్క. ఇంటిపెద్ద పోయినప్పుడు భార్యో పిల్లలో అయిదు సంస్థలకు అయిదు దరఖాస్తులు పెట్టే బదులు ఒక్కదానితో పని ముగుస్తుంది. పెట్టుబడుల వివరాలన్నీ ఒక్కరి తలలోనే ఉండే ఇళ్లలో ఇది రాబడి కంటే విలువైన సౌకర్యం.

ఒక స్వేచ్ఛ మాత్రం పోతుంది. విడివిడి ఖాతాలున్న పెన్షనరు షేర్లు పడిన ఏడాది ఇంటి ఖర్చుకు డిపాజిట్ నుంచి మాత్రమే తీసుకుని, షేర్లను ముట్టుకోకుండా ఉండగలడు. మల్టీ అసెట్ ఫండులో నెలనెలా కొంత తీసుకుంటే అమ్ముడయ్యే ప్రతి యూనిట్‌లోనూ అన్ని ఆస్తుల ముక్కలూ ఉంటాయి. పడిన షేర్లు కూడా అందులో కొంత అమ్ముడవుతాయి. ఏది అమ్మాలో చెప్పే హక్కు మదుపరికి ఉండదు. అందుకే రెండు మూడేళ్లలో ఖచ్చితంగా కావలసిన డబ్బు, అంటే ముహూర్తం దగ్గరపడిన పెళ్లి ఖర్చు, కట్టాల్సిన కాలేజీ ఫీజు, ఆసుపత్రి కోసం పక్కన పెట్టుకునే ఆరు నెలల ఇంటి ఖర్చు ఈ ఫండ్లలోకి రాకూడదు. వాటికి బ్యాంకు డిపాజిట్టే సరైన చోటు. అయిదేళ్లు, అంతకుమించి ముట్టుకోనక్కర్లేని డబ్బుకు, నికర ఈక్విటీ వాటా, బాండ్ల రేటింగ్, మొత్తం ఖర్చు మూడూ చూసి ఎంచుకున్న ఒక మల్టీ అసెట్ ఫండ్ నాలుగైదు విడి ఫండ్ల పని చేస్తుంది. సొంతంగా పాళ్లు సరిచేసుకోని ఇంట్లో వాటికంటే బాగానే చేస్తుంది.